శనివారం సిగ్నల్ పోయిన ఫోను

అప్పట్లో పూర్ణా మార్కెట్ దగ్గర ఒక సెల్ కంపెనీ షోరూములో కౌంటర్ మీద పనిచేసేదాన్ని. ఏసీ గది, గాజు తలుపు. జాలరిపేట నుంచి చేపలమ్మే ఆడవాళ్లు రీచార్జికి వస్తే బుట్ట బయట పెట్టమనేవాడు మా మేనేజరు. అందులో తప్పేముందనిపించేది నాకు.

ఒక శనివారం సాయంత్రం అలాంటి ఆవిడే వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఫోను నా ముందు పెట్టింది.

"మద్దేనం నుంచి సిగ్నల్ లేదమ్మా. ఆపి మళ్లీ ఏసినాను. అయినా రానేదు."

"టవర్ పని జరుగుతున్నట్టుంది పిన్నీ. వచ్చేస్తుందిలే."

"టవరైతే మా కోడలికీ పోవాల గదా? దానిదీ మీ కంపెనీయే, ఒకే ఇంట్లో ఉంటన్నాం. నాకొక్కద్దానికే పోనాదేటి?"

ఎంత సరైన ప్రశ్న అది! ఆ నంబరు కంప్యూటర్లో కొడితే అర నిమిషంలో తెలిసిపోయేది. కానీ ఆవిడ చీర నుంచి నీచు వాసన వస్తోంది, వెనక లైనుంది, నేను ముక్కు పక్కకి తిప్పుకున్నాను. "సోమవారం రా, సిమ్ము పాడైతే మారుస్తాం" అని పంపించేశాను.

సోమవారం పదకొండింటికి కోడలితో వచ్చింది. కుర్చీలో కూలబడింది. కోడలే చెప్పింది: "పడవకి ఇంజను కొందారని దాసిన డబ్బులక్కా. బేంకుకెళ్తే కాతాలో ఏటీ లేదంతన్నారు. నిన్న రాత్రే తీసీసినారంట. ఒక్క మెసేజీ రానేదు."

అప్పుడు కొట్టాను నంబరు. శనివారం మధ్యాహ్నం డూప్లికేట్ సిమ్ ఇచ్చినట్టు చూపించింది, ఊరి చివర మధురవాడలోని ఒక ఏజెంటు దుకాణం నుంచి. కొత్త సిమ్ము పనిచేయడం మొదలవగానే పాతది చచ్చిపోతుంది. ఈవిడ చేతిలో ఉన్నది అదే. ఫారంలో ఫొటో తెరిచాను. ఎదురుగా మనిషిని నిలబెట్టి తీయాల్సిన ఫొటో. వాడు ఆధార్ జిరాక్సు మీది బొమ్మనే తీసి ఎక్కించాడు. కాగితం మడత కూడా కనబడుతోంది.

"ఆధార్, ఏటీఎం కార్డు ఎవరికైనా ఇచ్చారా?"

"వేట నిషేధం బృతి రాయిత్తామని ఒకడొచ్చినాడు. రెండూ ఫొటో తీసుకున్నాడు."

కార్డు వివరాలు వాడి దగ్గరున్నాయి. ఓటీపీ కోసం ఫోను నంబరొకటే కావలసి వచ్చింది. దాన్ని మధురవాడ వాడు అమ్మేశాడు.

అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. సిమ్ము మార్చాక ఒక రోజంతా దానికి మెసేజులు రాకుండా ఆపుతారు. సరిగ్గా ఇలాంటి దొంగతనం పట్టుకోడానికే ఆ గడువు. ఆ రోజంతా దొంగ ఓపిగ్గా కాచుకున్నాడు. మేము ఆ రోజుని ఆవిడ చేతుల్లోంచి లాగేసి వాడికిచ్చాం.

వెంటనే ఆ దొంగ సిమ్ము ఆపించి, వేలిముద్రతో ఆవిడ సిమ్ము ఆవిడకిచ్చాను. సైబర్ హెల్ప్‌లైనుకి నేనే ఫోను చేశాను, బ్యాంకుకి కోడల్ని పరిగెత్తించాను. డబ్బు చేతులు మారి చేరిన చివరి ఖాతాలో మిగిలిన కాస్త సొమ్ము ఆగింది. తక్కినది అప్పటికే ఏటీఎంలలో తీసేశారు.

వారం తర్వాత పోలీసులు మమ్మల్ని పిలిచారు. బయల్దేరేముందు మేనేజరు గొంతు తగ్గించి అన్నాడు, "శనివారం వచ్చినట్టు చెప్పకు. సోమవారమే మొదటిసారి వచ్చిందను. ముసల్దానికి రోజులు గుర్తుంటాయేటి?"

స్టేషన్లో ఆ ఏజెంటు బల్ల మీద కూర్చుని పఫ్ తింటున్నాడు. నన్ను తన జట్టు మనిషిననుకున్నాడు కాబోలు, నవ్వాడు. "నానేం దొంగతనం సేసినానా? సిమ్మే కదా ఇచ్చినాను. నెలకిన్ని సిమ్ములని టార్గెట్టు, నీకు తెలీదేటి?" పెదవి మీద పఫ్ పొట్టు అంటుకుని ఉంది. మొహం తిప్పుకున్నాను. అయితే, నేనూ కౌంటరు వెనక నుంచి "వచ్చేస్తుందిలే" అన్నదాన్నే. వాడు డబ్బుకి చూడలేదు, నేను వాసనకి చూడలేదు.

ఎస్సై అడిగితే చెప్పేశాను. "శనివారం సాయంత్రమే వచ్చింది సార్. నేనే చూడకుండా పంపేశాను." మేనేజరు నా వైపు చూడలేదు. రాసిన కాగితం మీద సంతకం పెట్టాను.

దొంగలు దొరకలేదు. ఏజెంటు కేసు ఇంకా నడుస్తోంది. డబ్బు పోకముందే ఆవిడ ఫిర్యాదు చేసిందని తేలాక, నెలల తరబడి తిప్పించుకుని, కంపెనీ పోయినదాంట్లో సగానికి కొంచెం తక్కువ చెల్లించింది. నన్ను వేరే షోరూముకి మార్చారు. కొన్నాళ్లకి మానేశాను.

క్షమించమని అడగడానికి ఒకసారి జాలరిపేట వెళ్లాను. ఆవిడ చేపలు కోస్తోంది. కత్తి ఆపలేదు.

"నిజం సెప్పినావు, మంచిదే," అంది. "మరి శనివారం నాను సెప్పింది కూడా నిజమే గదమ్మా. ఆయేల ఇన్లేదేటి?"

అక్కడే నిలబడ్డాను. ఎవరో బేరానికి వస్తే పక్కకి జరగమంది.