కెమెరా వైపు చూసిన మనిషి

పొద్దున బీరువా సర్దుతుంటే అవ్వ కుట్టుకున్న గుడ్డసంచి చేతికి తగిలింది. తాడు వదులు చేయగానే వక్కాకు వాసన వచ్చింది. లోపల ఆమె ఫోను. అవ్వ, అంటే మా నాయనమ్మ, పోయి ఏడాది దాటింది గానీ ఆ వాసన ఇంకా పోలేదు. ఫోనును ఛార్జింగుకు పెట్టి, పని వదిలేసి దాని ముందు కూర్చున్నాను.

ఆ ఫోను అవ్వ పట్టుబట్టి పత్తికొండలో కొనిపించుకుంది. కారణం మా తాత. ఆయన ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. పాము కరిచి పోయేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు, మా చిన్నత్త ఇంకా అవ్వ కడుపులోనే ఉంది. అంతకు ముందు ఏడాది మా ఊరి సంతలో ఏదో సినిమా తీశారు. అందులో హీరోయిన్ వెనకాల ఎద్దులబండి తోలుకుపోయేది మా తాతే. ఆ సినిమా ఒక యాప్‌లోకి వచ్చిందని నేను చెప్పిన రోజు నుంచి అవ్వకు నిద్ర లేదు.

డిగ్రీ సెలవుల్లో నేనే నేర్పాను. నా ఖాతాలో ఆమె పేరుతో ఒక ప్రొఫైల్ పెట్టాను. కొడవలి పట్టి కాయలు కాసిన ఆ వేళ్లు తాకితే తెర కదిలేది కాదు. ఆమె ఇంకా గట్టిగా అదిమేది.

"గట్టిగా వద్దవ్వా. ఈగ వాలినట్టు ఆనించు."

"అంత మెల్లగా చెప్తే మన ఎద్దులే ఇనవు, ఇదేం ఇంటాది నాయనా."

చివరికి చిటికెన వేలు పనికొచ్చింది. చదువు రాదు కాబట్టి మైకు గుర్తు నొక్కి సినిమా పేరు చెప్పడం నేర్చుకుంది. బొమ్మ చూసి సినిమాను గుర్తుపట్టేది. అడుగున గీత మీదున్న చుక్కను జరిపితే పైన చిన్న చిన్న బొమ్మలు వస్తాయి. అందులో సంత గుడారాలు కనబడగానే వేలు తీసేయాలి. దాటిపోతే తెర ఎడమవైపు రెండుసార్లు తడితే పది సెకన్లు వెనక్కి వస్తుంది. తాత కనిపించేది మొత్తం పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లకు ముందు అవ్వ కొంగు తల మీదికి లాక్కునేది.

"సినిమా మిషను దిక్కు సూడొద్దని అందరికీ చెప్పినారు. సూసినాడు సూడు," అనేది.

"ఎందుకు చూశాడవ్వా?"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆమె కోరిక ఒకటే. పెద్దల అమావాస్యకు అందరి ఇళ్లల్లో పోయినవాళ్ల ఫోటోలకు బొట్టు పెట్టి పూలు వేస్తారు. మా ఇంట్లో ఉత్త చెంబుకే పెట్టేవాళ్లం. ఈసారి ఆ చెంబుకు ఫోను ఆనించి, తాత ముఖం దగ్గర సినిమా ఆపి, నాయన ముఖం ఎన్నడూ చూడని చిన్నత్తకు చూపించాలి. మా ఊళ్లో సిగ్నల్ నిలవదు కాబట్టి సినిమా డౌన్‌లోడ్ చేశాను. ఆపినప్పుడు తెర మీద వచ్చే గుర్తులు ఒకసారి తడితే పోతాయని చూపించాను. తెర ఆరిపోకుండా అరగంటకు పెట్టాను. స్క్రీన్‌షాట్ తీస్తే మాత్రం నల్లగా వచ్చింది. ఇలాంటి యాప్‌లు దాన్ని తీయనివ్వవు.

"నీ ఫోనుతో దీన్ని ఒక ఫోటో తీయి నాయనా," అంది అవ్వ.

"డౌన్‌లోడ్ చేసినాం కదవ్వా, యాడికీ పోదు. అమాసకు వచ్చినప్పుడు తీస్తాలే."

నా చెయ్యి జేబు దాకా పోతే చాలు, పని అయిపోయేది. బద్ధకించాను.

అమావాస్య నాడు ఆలూరు నుంచి చిన్నత్త వచ్చింది. విస్తరి వేశారు. అవ్వ డౌన్‌లోడ్‌ల పేజీ తెరిచి చిటికెన వేలు ఆనించింది. సినిమా మొదలు కాలేదు. బొమ్మ కింద గడువు ముగిసిందని రాసి ఉంది. నేను ఫోను లాక్కుని మేడెక్కి సిగ్నల్ పట్టి వెతికాను. సినిమా అసలు యాప్‌లోనే లేదు. దాన్ని చూపించే హక్కు యాప్ వాళ్లకు కొంతకాలమే ఉంటుందట. అది తీరితే మన ఫోనులో దాచుకున్నది కూడా తెరుచుకోదట. అది నాకు ఆ రోజే తెలిసింది.

కిందికి వచ్చేసరికి చిన్నత్త చేతిలో పూలతో అలాగే నిలబడి ఉంది. నేను తలెత్తలేకపోయాను. అవ్వ ఫోనును కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది.

"పోనీలే. నేను చెప్తా, ఇనుమ్మే," అంది అత్తతో. "మీ నాయన శానా పొడుగు. నీ మాదిరే ముక్కు. బండి తోల్తా ఇట్ల తిరిగి సూసినాడు. మిషనును కాదు. దాని పక్కన నేను నిలబడింటి."

నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆ తర్వాత అవ్వ రోజూ మైకు నొక్కి సినిమా పేరు చెప్పి, మళ్లీ వచ్చిందేమోనని చూసుకునేదట. చలికాలం జ్వరంతో పోయింది. అప్పటి నుంచి ఎవరైనా ఏదైనా అడిగితే 'తర్వాత' అనడానికి నాకు నోరు రాదు.

ఛార్జింగు ఎక్కి అవ్వ ఫోను వెలిగింది. ఈమధ్యే ఇంట్లో పెట్టించిన వైఫై కలిపి ఆమె ప్రొఫైల్ తెరిచాను. చూస్తూ ఆపేసిన వాటి వరుసలో మొదట ఆ సినిమాయే ఉంది. మళ్లీ ఎప్పుడు తెచ్చిపెట్టారో తెలియదు. బొమ్మ కింద ఎర్ర గీత, అవ్వ ఆపిన చోటు దాకా. చిటికెన వేలు ఆనించాను. అక్కడి నుంచే మొదలైంది. గుడారాలు, దుమ్ము, బండి. తాత తల తిప్పగానే ఆపి, గుర్తులు పోయేలా తట్టి, ముందు నా ఫోనుతో ఫోటో తీసి చిన్నత్తకు పంపాను. ఇంకో పని మిగిలిందని తర్వాత గుర్తొచ్చింది. ఫోనును ఎత్తి, తాత చూపు అవ్వ రోజూ కూర్చునే చాప మీద పడేలా తిప్పి పెట్టాను.