బొటనవేలు వదలని వాక్యం

మా కోర్టులో టైపిస్టక్కను అందరూ రైలు అంటారు. సాక్షి నోరు తెరిస్తే చాలు, ఆమె కీబోర్డు పట్టాలెక్కేది. ఆగడమన్నది ఉండేది కాదు. నేను బెంచి గుమాస్తాని, ఆమె పక్క కుర్చీ నాది. ఆ చప్పుడు చెవిలో పడకపోతే నాకు పని తోచదు.

ఒకరోజు ఆ అక్క మెట్ల మీద జారి పడింది. కుడి భుజం విరిగింది, నరం దెబ్బతింది. చెయ్యి మెడకు వేలాడదీసుకునే కోర్టుకొచ్చింది.

“చేతికి కదలిక తిరిగొస్తుందంటున్నారు డాక్టర్లు గానీ, ఎప్పటికో వాళ్లకే తెలీదు తమ్ముడూ,” అంది.

మా సూపరింటెండెంటు మాట మెత్తన, మనసు రాయి. “వచ్చే వాయిదా దాకా చూస్తానమ్మా. ఆ రోజు సాక్ష్యం టైపు చేయగలిగితే కుర్చీ నీదే. లేదంటే రికార్డు గదికి వెళ్లు,” అన్నాడు. కిటికీ లేని గది అది. అక్క మొహం పాలిపోయింది. నాకు ఒళ్లు మండింది, కానీ ఏం అనగలను?

అక్క ముందు ఎడమ చేతి కీబోర్డు అమరిక ఒకటి ప్రయత్నించింది. ఇంగ్లీషు అక్షరాలన్నిటినీ చోట్లు మార్చి, ఎక్కువగా వాడేవాటిని ఒక్క చేతి కిందికి తెస్తారట. ఇన్నేళ్ల అలవాటు ఊరుకుంటుందా? వేళ్లు పాత చోటుకే పరుగెత్తాయి. పైగా మన అక్షరాలకు అలాంటి అమరికే లేదు. మన కీబోర్డులో గుణింతం గుర్తులన్నీ ఎడమ చేతివి, హల్లుల్లో చాలావరకు కుడి చేతివి. మిగిలిన చేత్తో గుడి, కొమ్ము కొట్టగలదు కానీ, అవి తగిలించడానికి క, గ, ద ఏవీ అందవు.

దారి చూపింది ఆసుపత్రిలో చేతి వ్యాయామం చేయించే అమ్మాయి. మా కంప్యూటర్లు చూసేవాణ్ణి మేం వైరుగాడంటాం, అతను ఆమె చెప్పిన చిన్న ప్రోగ్రాం ఎక్కించాడు. స్పేసు బార్‌ను బొటనవేలితో నొక్కి పట్టుకుంటే కీబోర్డు అద్దంలోలా తిరగబడుతుంది. కుడి చూపుడువేలు కొట్టే అక్షరాన్ని ఎడమ చూపుడువేలు కొడుతుంది, మధ్యవేలి పని మధ్యవేలే చేస్తుంది. నొక్కి వెంటనే వదిలేస్తే మామూలు ఖాళీ పడుతుంది. షిఫ్టును కూడా పట్టుకుని ఉండక్కర్లేదు, ఒకసారి నొక్కి వదిలితే తర్వాతి అక్షరానికి అంటుకునేలా పెట్టాడు.

“కీబోర్డు చూడకక్కా. చూస్తే తికమకవుతావు. వేళ్లకు తెలుసు,” అన్నాడు వైరుగాడు.

నిజమే. కానీ బొటనవేలికి తెలియదు. హల్లుకు నొక్కాలి, గుణింతానికి వదలాలి. కాస్త ఆలస్యమైతే గుడి ఉండాల్సిన చోట ‘ర’ పడేది. అక్క తిట్టుకుంటూ సాధన చేసింది. రైలు గూడ్సుబండి అయింది, అయినా నడిచింది.

వాయిదా రోజు సాక్షి ఒక మేస్త్రీ. నీళ్ల ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి, లోపలి గాలికి ఊపిరాడక చనిపోయిన కుర్రాడి తండ్రి. సూపరింటెండెంటు వెనక బల్ల మీద కూర్చున్నాడు. అక్క చెయ్యి బాగానే సాగుతోంది. ఎవరు దిగమన్నారని లాయరు అడిగాడు. తండ్రి బోను కర్ర పట్టుకున్నాడు.

“వాడు భయమేస్తోందన్నాడు. నేనే దిగమన్నాను,” అన్నాడు.

అక్క వేళ్లు ఆడుతూనే ఉన్నాయి, బొటనవేలు మాత్రం ఆ మాటకు స్పేసు బార్ మీదే బిగుసుకుపోయింది. తెర మీద చూశాను. మాటల మధ్య ఖాళీ లేదు, గుణింతం లేదు, వరసగా హల్లులు.

“చదవండమ్మా,” అన్నారు జడ్జిగారు.

“తప్పు పడిందయ్యా,” అంది అక్క. దాచలేదు.

“ఆ మాట మళ్లీ చెప్పవయ్యా,” అన్నారాయన సాక్షితో.

అతను నోరు తెరిచాడు, మాట రాలేదు. రెండోసారి ఎలా చెబుతాడు? ఒకసారి చెప్పడమే ఎక్కువ.

“అయ్యా, ఆయన్ని అడక్కండి. ఒక్క నిమిషం ఇవ్వండి,” అంది అక్క.

తెరకేసి చూడలేదు. కళ్లు మూసుకుంది. ఇందాక కొట్టిన మీటలే, తెర మీద కొత్త వరసలో, మళ్లీ కొట్టింది, వేలు తర్వాత వేలు, అదే క్రమం. వేళ్లు తప్పలేదు కదా, తప్పింది బొటనవేలు. ఈసారి దాన్ని వదలాల్సిన చోటల్లా వదిలింది. అక్షరానికి అక్షరం ఆ వాక్యం వచ్చింది. మెల్లగా చదివి వినిపించింది.

“అంతేనా?” అన్నారు జడ్జిగారు. సాక్షి తల ఊపాడు.

“కానివ్వండమ్మా,” అన్నారు ఆమెతో. వెనక బల్ల మీంచి సూపరింటెండెంటు లేచి వెళ్లిపోయాడు. ఇక రికార్డు గది మాట ఎత్తలేదు.

సాక్ష్యం ముగిశాక, కాగితాల మీద సంతకం పెట్టించడానికి సాక్షిని నేనే మా బల్ల దగ్గరికి తీసుకొచ్చాను. సంతకం పెట్టాడు. పోకుండా అక్క ముందు నిలబడ్డాడు.

“నాతో రెండోసారి చెప్పించలేదు తల్లీ,” అన్నాడు.

అతను వెళ్లాక అక్క బల్ల మీదికి వంగి ఏడ్చింది.