మూడో బొమ్మ మీద బొటనవేలు

మా మావయ్యగారు ఫోటో తీస్తే అందులో ఆయన బొటనవేలు కూడా పడుతుంది. అది ఇబ్బందని మా అత్తారింట్లో ఎవరూ అనరు. అన్నవరంలో మేం వ్రతం చేసుకున్నప్పటి ఫోటోలో పురోహితుడుగారు, నేను, ప్రసాదం, బొటనవేలు స్పష్టంగా కనిపిస్తాం. మా ఆవిడ ఆ వేలి వెనక ఉంది.

ఆయనకి ఇంజనీరు అల్లుడు కావాలని ఉండేది. నేను కాకినాడలో జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరర్ని. ‘అబ్బాయి లెక్కలు చెబుతాడండి’ అని రామచంద్రపురంలో బంధువులకి ఆయన పరిచయం చేసే తీరు చూస్తే, నాకు కాస్త జ్వరంగా ఉంది, తగ్గిపోతుంది అన్నట్టుండేది.

అలాంటి మనిషి ఒక సాయంత్రం తనంతట తాను నాకు ఒక లెక్క పంపారు. మా వదినగారి అమ్మాయి ఈ తాతగారింట్లోనే ఉండి చదువుకుంటోంది. మర్నాడు ఆ పిల్ల బడిలో ఆ లెక్క బోర్డు మీద చేయాలి. ‘మా బాబాయి లెక్చరర్’ అని టీచరుగారికి ముందే చెప్పేసిందట. అంటే బోర్డు ముందు నిలబడేది పిల్లే అయినా, పరువు మాత్రం ఇద్దరిదీ.

లెక్క తేలికే. అగ్గిపుల్లలతో పేర్చిన బొమ్మలు. మొదటి దాంట్లో ఒక త్రిభుజం, మూడు పుల్లలు. రెండో దాంట్లో రెండు త్రిభుజాలు, ఆరు పుల్లలు. మూడో దాంట్లో బొటనవేలు. తర్వాతి రెండు బొమ్మలకి ఎన్ని పుల్లలు, పది బొమ్మలకీ కలిపి ఎన్ని అన్నది ప్రశ్న.

వేలి కింద తొమ్మిది పుల్లలుంటే ప్రతిసారీ మూడు కలుపుతున్నట్టు. పన్నెండుంటే ప్రతిసారీ రెట్టింపు చేస్తున్నట్టు. మూడు, ఆరు అన్నంత మాత్రాన ఏదో తేలదు. వేలు తీయమని చెబితే తేలుతుంది. కానీ చెప్పేదెవరు?

“నువ్వే చెప్పు మీ నాన్నకి,” అన్నాను మా ఆవిడతో.

“మా అమ్మే చెప్పలేదు ఇన్నాళ్ళూ. నేనెవర్ని?” అంది.

వెలుతురు తక్కువగా ఉందండీ, ఇంకోసారి తీస్తారా అని మెసేజ్ పెట్టాను. ఫ్లాష్ వేసి తీశారు. వేలు ధగధగ మెరిసింది. కాస్త దగ్గరగా తీయమన్నాను. వేలి మీద గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. ఫోన్ అడ్డంగా పట్టుకోమన్నాను. ఈసారి ఎడమ చేతి వేలు వచ్చింది.

చివరికి ఫోన్ చేసి, మూడో బొమ్మలో పుల్లలెన్నో చెప్పమని అడిగాను.

“పుల్లలు లెక్కపెట్టడానికైతే నేనే చాలు కదండీ అల్లుడుగారూ. మీదాకా ఎందుకు?”

పోనీ పాపకి ఇవ్వండి అంటే, అన్నం తింటోందన్నారు. ఆ ఇంట్లో ఇల్లు కూలుతున్నా సరే, అన్నం ముందు నుంచి ఎవరినీ లేపరు.

ఇక చేసేదేముంది, రెండూ చేశాను. కాగితం మీద మొదట తొమ్మిది అనుకుని: తర్వాతవి పన్నెండు, పదిహేను. పదో బొమ్మకి ముప్ఫై. మొదటిదీ చివరిదీ కలిపితే ముప్ఫై మూడు, అలాంటి జతలు అయిదు, మొత్తం నూట అరవై అయిదు. దాని కింద పన్నెండు అనుకుని: తర్వాతవి ఇరవై నాలుగు, నలభై ఎనిమిది. మొత్తం మూడుని వెయ్యిన్నీ ఇరవై మూడుతో గుణించాలి, మూడు వేల అరవై తొమ్మిది. ‘మూడో బొమ్మని బట్టి ఏదో ఒకటి’ అని మర్యాదగా రాసి ఫోటో తీసి పంపాను. నా వేళ్ళన్నీ బయటే ఉంచాను, సూచనగా ఉంటుందని. ఆయన సూచన తీసుకోలేదు గానీ వెంటనే ఫోన్ చేశారు. గొంతులో ఎన్నడూ లేని ఆప్యాయత.

“ఒకటడిగితే రెండిచ్చారండీ. ఇంజనీరైతే ఒకటే చెప్పేవాడు.”

భోజనం దగ్గర గారె అడిగితే రెండు వేసే మనిషి ఆయన. జవాబు విషయంలోనూ అదే పద్ధతి ఉంటుందని నాకు తోచనేలేదు. పిల్లని రెండూ రాసుకెళ్ళమన్నారట. పిల్ల మాత్రం, బొమ్మలో త్రిభుజాలు మూడే ఉన్నాయి తాతయ్యా అని రెండోది కొట్టేసిందట. “కొసరుగా ఉంచమన్నానండీ, వినలేదు,” అని ఆయన వాపోయారు.

మర్నాడు సాయంత్రం టీచరుగారు దిద్దిన నోటుపుస్తకం ఫోటో వచ్చింది. పైన నూట అరవై అయిదు కనిపిస్తోంది. దాని పక్కన టీచరుగారి గుర్తు ఉండవలసిన చోట బొటనవేలు. గోరు మీదుగా ఎర్రసిరా టిక్కు కొస మాత్రం బయటికి పొడుచుకొచ్చింది. కింద ‘మా అల్లుడుగారు లెక్కల లెక్చరర్’ అని రాసి, మొత్తం బంధువుల గ్రూపులో పెట్టారు.

అందరూ బాగుందన్నారు. నేను కూడా ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాను.