దాలినాయుడి వీలునామాకి కారణాలు

దాలినాయుడు కారణం చెప్పకుండా తుమ్మి ఎరగడు. తుమ్ము వచ్చిందంటే చాలు, ముక్కు తుడుచుకోకముందే "ఎందుకంటే..." అని మొదలుపెట్టేవాడు. రాత్రి మంచు, పొద్దున్న పొగాకు, మధ్యాహ్నం పక్కింటివాళ్ల మిరపకాయల పోపు, ఏదో ఒకటి దొరికేది. చోడవరం వచ్చి దాలినాయుడి ఇల్లెక్కడ అని అడిగితే జనం తెల్లమొహం వేసేవారు. ఎందుకంటే నాయుడు అనండి, వీధి చివరిదాకా వచ్చి చూపించేవారు.

ఇంట్లో అందరికంటే ఎక్కువగా ఈ కారణాలు తిన్నది ఆయన భార్య మంగాయమ్మ.

"పులుసులో ఉప్పెక్కువైపోనాదండీ," అందావిడ ఓసారి భయపడుతూ.

"ఎక్కువే ఉండాలే. ఎందుకంటే పొద్దస్తమానం తీపి వాసనలో కూకున్నోడికి ఉప్పు మంచిది."

"మరి నిన్న ఉప్పెయ్యడమే మర్సిపోతే బాగుందని తిన్నారు?"

"నిన్న గానుగ ఆడలేదు కదే."

గానుగంటే చెరుకు గానుగ. దేవరాపల్లి పోయే దారిలో కొన్న నాలుగెకరాల చెరుకు, ఆ గట్టునే గానుగ, బెల్లం పొయ్యి. ఓసారి దాసు అనే పనివాడు కునుకు తీసి పెనంలో పాకం మాడబెట్టేశాడు. కొనడానికి వచ్చిన షావుకారు నల్లబెల్లం చూసి మొహం చిట్లించాడు. "నానే ముదరబెట్టమన్నాను. ఎందుకంటే ఈ ఏడు చెరుకు లేత," అన్నాడు దాలినాయుడు. దాసు బతికిపోయాడు.

పెద్దకొడుకు పెదబాబుకి మాత్రం ఈ కారణాల్లో ఒక్కటంటే ఒక్కటి వింటే తలెత్తబుద్ధయ్యేది కాదు. అన్నదమ్ముల్లో ఒకడు విశాఖపట్నంలో గుమస్తా అయితే ఇంకొకడు పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోస్తున్నాడేమని ఎవరైనా అడిగితే, "పెదబాబుని బడి మానిపించింది నానే. ఎందుకంటే గానుగ కాడ నాకు మనిషి కావాలి," అనేవాడు నాయుడు. వెంటనే పెదబాబుకి ఎద్దుల దగ్గర ఏదో పని గుర్తొచ్చేది.

ఇటువంటి మనిషి వీలునామా రాయించడానికి కూర్చున్నాడు. పాపం, దస్తావేజులు రాసే సత్యారావు పంతులు ఆ రోజు ఏ మొహం చూసి లేచాడో.

తాతల నాటి భూమి తండ్రీ కొడుకులు ముందే సమానంగా పంచుకుని భాగపరిష్కార పత్రం రాసుకున్నారు. ఇక మిగిలింది నాయుడు సొంత కష్టంతో సంపాదించిన చెరుకు భూమి, గానుగ, పెంకుటిల్లు. స్వార్జితం గనక ఎవరికెంత రాసినా అడ్డు లేదని పంతులు ముందే చెప్పాడు. ఇల్లు మంగాయమ్మకి ఆవిడ జీవితకాలం, ఆ తర్వాత కూతురు రాజ్యానికి దాన విక్రయాది సర్వహక్కులతో. విశాఖపట్నంలో గుమస్తాగా ఉన్న చిన్నకొడుకు గణపతిరావుకి ఒక ఎకరం. పెదబాబుకి గానుగతో సహా మూడెకరాలు.

"ఎందుకంటే..." అన్నాడు నాయుడు.

పంతులు కలం కింద పెట్టేశాడు. "నాయుడూ, వీలునామాకి కారణం అక్కర్లేదు. తెలివితో ఉండి సంతకం చెయ్యాలి, అది కళ్లారా చూసి ఇద్దరు సాక్షులు సంతకాలు చెయ్యాలి. రిజిస్ట్రీ కూడా నీ ఇష్టం. కారణాలన్నీ ఇందులో రాశావనుకో, రేపు ఒక్కో కారణం పట్టుకుని ఒక్కో తగువు. అంతగా ఉండలేకపోతే పిల్లలకి వేరే ఉత్తరం రాసుకో."

సాక్షులిద్దరూ సంతకం ఎప్పుడవుతుందా అని చూస్తున్నారు. నాయుడు తన పేరులో 'ద'కి పొట్ట ఎందుకు పెద్దగా పెడతాడో వివరించాక గానీ అది పూర్తి కాలేదు.

ఉత్తరం మాత్రం తీరిగ్గా రాసి, లక్క వేసి, తాను పోయాక విప్పమని పెట్టెలో పెట్టాడు. పెట్టాడే గానీ, ఆ వారమంతా మంచం మీద అటూ ఇటూ దొర్లాడు.

"ఏటయిందండీ?" అంది మంగాయమ్మ.

"నాను పోయేక సదివితే ఆళ్లకి అనుమానాలొస్తాయి. జవాబు సెప్పడానికి నానుండొద్దా?"

అదీ సంగతి. చచ్చాక విప్పవలసిన ఉత్తరానికి బతికుండగానే కబుర్లు వెళ్లాయి. బుచ్చయ్యపేట నుంచి రాజ్యం, విశాఖపట్నం నుంచి గణపతిరావు వచ్చి వసారాలో కూర్చున్నారు. ఎకరమూ మూడెకరాల సంగతి ఊరంతా తిరిగి గణపతిరావు చెవినా పడింది. వచ్చిన దగ్గర్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. పెదబాబుకి భయం పట్టుకుంది. తమ్ముడు కోర్టుకి పోతాడని కాదు, మళ్లీ ఈ గడప తొక్కడేమోనని.

"నువ్వే సదువు. సదువుకున్నోడివి," అని నాయుడు లక్క చిదిపి ఉత్తరం గణపతిరావు చేతికిచ్చాడు.

"నా పిల్లలకు దీవెనలు. తాతల భూమి సమానంగా పంచేను. ఎందుకంటే అక్కడ చట్టం నన్ను నోరెత్తనివ్వదు. ఇల్లు రాజ్యానికి. ఎందుకంటే పుట్టింటికి వచ్చినప్పుడు ఎవరి మొహమూ చూడక్కర్లేకుండా తాళం తీసుకోవాలి." రాజ్యం పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెదబాబుకి ఎక్కువ రాసేను. ఎందుకంటే నా గానుగ కోసం వాణ్ణి బడి మాన్పించి అన్యాయం చేసేను. చదివిస్తే వాడూ గణపతంతవాడు అయ్యేవాడు. ఆ అప్పు నాది, భూమితో..."

గణపతిరావు ఉత్తరం దించి అన్నకేసి చూశాడు. ఆ చూపులో జాలి చూసి పెదబాబు తట్టుకోలేకపోయాడు.

"అబద్ధంరా," అన్నాడు. "నన్నెవులూ మానిపించలేదు. రెండో తరగతిలో రెండేళ్లు ఉండిపోనాను. మేస్టారు గోడకుర్చీ ఎయ్యమంటే కిటికీలోంచి దూకి, పరిగెత్తుకొచ్చి, పిప్పి పోగులో దూరిపోనాను. నాన్నే నన్ను బయటికి లాగి, ఊళ్లో ఆ మాట సెప్పేడు. నా మొకం దాయడానికి సెప్పేడు. ఆ మాట మీద వచ్చిన భూమి నాకొద్దు. తమ్ముడికీ సమానంగా రాసెయ్."

మంగాయమ్మ మొగుడికేసి తిరిగింది. ఉప్పు పులుసు, ఉప్పులేని పులుసు, మాడిన బెల్లం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టు ఆవిడ అలా చూస్తూ ఉండిపోయింది.

గణపతిరావే ముందు నోరు విప్పాడు. "మనం పెద్దయ్యేదాకా ఆ చెరుకు భూమిలో సగం రాళ్లగుట్టే. ఆ రాళ్లు ఏరిందెవరో నాకు తెలీదా అన్నా? నేను భూమి కోసం రాలేదు. నాన్నకి నామీద కోపం ఏటో అడుగుదామని వచ్చేను."

"కోపమేటిరా నీ మీద," అన్నాడు నాయుడు కంగారుగా. "నీకు నెల తిరిగితే జీతం. ఆడికి ఆ మన్నే జీతం. రాసింది మార్చను."

"మరి ఆ మాటే రాయొచ్చు కదా. ఈ బడి కారణం ఎందుకు రాసేవు నాన్నా?"

"ఎందుకంటే..." అన్నాడు నాయుడు. ఆగాడు. చూరు వంక చూశాడు, చేతికర్ర వంక చూశాడు. అక్కడెక్కడా కారణం దొరకలేదు.

"ఊరికేరా," అన్నాడు చివరికి.

మంగాయమ్మ గబగబా వచ్చి ఆయన నుదుటిమీద చెయ్యి వేసి జ్వరమేమో అని చూసింది. రాజ్యం ముందు నవ్వింది. తర్వాత గణపతిరావు నవ్వి, చెంబెడు నీళ్లు గటగటా తాగి, ఉత్తరం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది మార్చకు నాన్నా. మా పిల్లలకి నేను ఇదే కారణం చెప్తాను."

పెదబాబు గోడవైపు తిరిగి తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

"ఏటన్నా, ఏడుస్తన్నావా?" అన్నాడు గణపతిరావు.

"నానేటి, ఏడవడమేటి? కళ్లు మండతన్నాయి. ఎందుకంటే ఆ పొయ్యి పొగ ఇటే కొడతంది."

ఆ రోజు పొయ్యి ఇంకా ఎవరూ వెలిగించలేదు. ఆ మాట ఎవరూ అనలేదు.