గడపకు పన్నెండు సెంటీమీటర్ల పైన

మాది గోదావరి డెల్టా. అక్కడ నేల ఎత్తుపల్లాలంటే మాకు తెలిసింది కాలవ గట్టు ఒక్కటే. అలాంటి చోట పుట్టిన నేను తొంభైల్లో హైదరాబాదు వచ్చి, ఉస్మాన్‌గంజ్‌లో ఒక ఇంజనీరు దగ్గర కాంటూరు గీతలు గీసే ఉద్యోగంలో చేరాను. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పోతే వచ్చేది కాంటూరు గీత. మా ఊళ్ళో ఆ పని చేస్తే ఒకే ఒక్క గీత వచ్చి, ఊరంతా చుట్టి, పక్క జిల్లాలోకి వెళ్ళిపోతుంది. ఆ మాట ఇంటర్వ్యూలో చెప్పలేదు.

ఆఫీసు మిరపకాయల గోదాం పైన ఒక గది. కింద బస్తాలు దించుతుంటే పైన మేము తుమ్ముతూ గీతలు గీసేవాళ్ళం. మేమంటే ముగ్గురం. సర్కారు కొలువు చేసి రిటైరైన మా సారు, నేను, ఎత్తులు కొలిచే అంకెల కర్ర, అదే లెవెలింగు కర్ర, పట్టుకునే చాచా. చాచాకు అరవై దాటాయి. నలభై ఏళ్ళుగా ఆ కర్రే పట్టుకుంటున్నాడు. డిప్లొమా పూర్తయ్యి నాలుగేళ్ళయిన నేను అతనికి పని చెప్పేవాణ్ణి. లోకం అలా నడుస్తుంది మరి.

దబీర్‌పురా స్టేషనుకు కాస్త ఇవతల ఒక బడి కమిటీకి ఖాళీ స్థలం ఉండేది. ఎనభై మీటర్ల పొడవు, అరవై వెడల్పు. ఒక చివర నుంచి మరో చివరకు మూడున్నర మీటర్ల వాలు. ఎప్పుడో కూలిన ప్రహరీ తాలూకు రాళ్ళు స్థలమంతా చెల్లాచెదురుగా పడి ఉండేవి. దాన్ని చదును చేసి పిల్లలకు ఆటస్థలం కట్టాలి. కమిటీ పెద్ద ఒకే ఒక్క షరతు పెట్టాడు.

“ఈ గల్లీల్ల లారీ తిరగదు. మట్టి బయటినుంచి రావద్దు, బయటకి పోవద్దు. ఇక్కడిది ఇక్కడ్నే సాఫ్ కావాలె.”

అంటే పైభాగంలో తవ్విన మట్టి కింది భాగం నింపడానికి సరిగ్గా సరిపోవాలి. ఎంత ఎత్తులో చదును చేస్తే ఆ రెండూ సరిపోతాయో, ఆ ఎత్తును కనిపెట్టడమే నా పని. అది చిన్న పనేమీ కాదని నేను ఇంటికి ఉత్తరం కూడా రాశాను.

రెండు రోజులు లెవెల్ తీశాం. పక్కనున్న బడి మెట్టు ఎత్తును నూరు మీటర్లనుకుని మొదలుపెట్టాం. పది మీటర్లకొక బిందువు చొప్పున స్థలమంతా గళ్ళు వేసి, ప్రతి బిందువు దగ్గరా చాచా కర్ర నిలబెడితే నేను దుర్భిణిలోంచి అంకె చదివి పుస్తకంలో రాశాను. మాది పాత పరికరం, అందులో కర్ర తలకిందులుగా కనిపించేది. తిరిగి తిరిగి మళ్ళీ బడి మెట్టు దగ్గరకు వచ్చి చూసుకుంటే తేడా మూడంటే మూడు మిల్లీమీటర్లు. సారు పుస్తకం చూసి, “మస్తుగొచ్చింది పో” అన్నాడు. ఆయన నోట మెప్పు రావడం రాతిలో నీళ్ళు పడటమే. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

తర్వాత అంకెల మధ్య గీతలు గీసి, గడి గడికీ లెక్క కట్టాను. గడి నాలుగు మూలల ఎత్తుల సగటు తీసుకుని, అనుకున్న చదును ఎత్తుతో పోల్చి, తేడాను గడి వైశాల్యంతో గుణించాలి. చదును కన్నా నేల పైనుంటే తవ్వకం, కిందుంటే పూడిక. మొదట అనుకున్న ఎత్తుకు మట్టి మిగిలిపోయింది. కాస్త పెంచితే తక్కువ పడింది. అలా అయిదోసారికి కుదిరింది. తవ్వకం రెండు వేల రెండు వందల ఘనపు మీటర్లు, పూడిక రెండు వేలు. పూడ్చిన మట్టిని దిమ్మిసతో కొడితే కుంగుతుంది కనుక తవ్వకం పదో వంతు ఎక్కువే ఉండాలి. ఉంది.

కమిటీకి కాగితం చూపిస్తే అర్థం కాదని సారు నమూనా చెయ్యమన్నాడు. ఒక్కో కాంటూరును ఒక్కో థర్మాకోల్ షీటు మీద దించి, ఆ గీత వెంట కోసి, ఒకదాని మీద ఒకటి అంటించాలి. మా కొలతకు ఒక్కో షీటు అర సెంటీమీటరు మందం ఉండాలి. బేగంబజార్ అంతా తిరిగితే దొరికింది అర అంగుళం. దాంతో మూడున్నర మీటర్ల వాలు కాస్తా కొండైపోయింది.

“వాలు రెండున్నర రెట్లు కనిపిస్తోంది సార్” అన్నాను.

“కనవడనీయ్. గుట్ట లెక్క కనవడితేనే మనం చేసిన పని కూడా పెద్దగ కనవడతది” అన్నాడు.

నమూనాను బడిలో బల్ల మీద పెట్టాం. కమిటీ పెద్ద చుట్టూ తిరిగి చూసి, “ఇది మా జాగానా, కిల్లానా?” అన్నాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళను కూడా పిలిచారు. అడిగామనిపించుకోవడానికి.

ఆ వచ్చినవాళ్ళలో ఒకామె ఉంది. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడు. స్థలానికి పక్కనే, తవ్వకం ఆగి పూడిక మొదలయ్యే చోటుకు కాస్త దిగువన, రెండు గదుల ఇల్లు. దుకాణాలవాళ్ళు ఇచ్చే చింతపండుకు గింజలు తీసి బతికేది. నా లెక్క ప్రకారం చదును ఆమె గడపకన్నా పన్నెండు సెంటీమీటర్లు ఎత్తున వస్తుంది. కాగితం మీద పన్నెండు సెంటీమీటర్లు ఏపాటివి? కానీ వానాకాలంలో ఆటస్థలం నీళ్ళన్నీ ఆ గడప దాటి లోపలికే వెళతాయి. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

“జర కిందికి చెయ్యున్రి సారు. వాన పడితే నా ఇల్లు మునుగుతది” అంది.

“తగ్గిస్తే మట్టి మిగుల్తదమ్మా. ఆ మట్టిని యాడ పొయ్యాలె?” అన్నాడు సారు. నేను లెక్కల కాగితం చూపించాను, ఆమెకేదో అంకెలతో పేచీ ఉన్నట్టు. ఒక్క ఇంటి కోసం లెక్క మారదని కూడా అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆమె కాసేపు నమూనాను చూసింది. తర్వాత ఒక షీటు అంచున వేలు పెట్టింది.

“నా ఇల్లు ఇదేనా? మరి దీని పక్కన గీడ మీ చాచా కర్ర పెట్టింది నేల మీద కాదు గదా. రాయి మీద పెట్టిండు. గీడ కూడ రాయే. రెండు దినాలు నా కండ్ల ముంగటనే పెట్టిండు. నేల ఎంతెత్తుందో చూస్తున్నరా, రాళ్ళు ఎంతెత్తున్నయో చూస్తున్నరా?”

గదిలో నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత చాచా మొహం చూశాను. అతను నవ్వడం లేదు.

బయటికి తీసుకెళ్ళి అడిగాను. దాచలేదు, దాచాల్సిందేమీ ఉందనుకోలేదు కూడా.

“గట్టి జాగ మీద పెట్టాలె గద సాబ్. నేను కొత్తగ పనిలకు వచ్చినప్పుడు బురదల పెడితే కర్ర దిగబడ్డది. పెద్ద సర్వేయరు సాబ్ చెంప మీద కొట్టిండు. అప్పట్నుంచి రాయి లేకుంట కర్ర పెట్టలే. నలభై ఏండ్లాయె.”

ఆ పెద్ద సర్వేయరు చెప్పింది నిజమే, ఒక్క చోటికి. పరికరాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి మార్చేటప్పుడు అదే బిందువును రెండుసార్లు చదవాలి. అప్పుడు కర్ర దిగబడితే తర్వాతి లెక్కంతా పాడవుతుంది. అందుకని ఆ బిందువు గట్టిగా ఉండాలి. మిగతా బిందువుల దగ్గర కర్ర నేరుగా నేల మీదే నిలబడాలి. ఆ తేడా అతనికి ఎవరూ చెప్పలేదు. ఒక చెంపదెబ్బతో నేర్పిన పాఠంలో అంత వివరం ఎక్కడుంటుంది?

మరి నా మూడు మిల్లీమీటర్లు? ఆ సరిచూత పరికరం మార్చిన బిందువులకే వర్తిస్తుంది. మధ్యలో ఒక్కసారే చదివిన బిందువులు ఎంత తప్పయినా అది నోరెత్తదు. పరీక్షలో పాసయ్యానని మురిసిపోయాను గానీ, అసలు ప్రశ్న అందులో అడగనే లేదన్నమాట.

మర్నాడు మళ్ళీ లెవెల్ తీశాం, ఈసారి నేల మీద. ఒకచోట అయిదు సెంటీమీటర్లు తేడా, ఒకచోట ముప్ఫై. సగటున పద్ధెనిమిది. స్థలమంతా మేమనుకున్నదానికన్నా జానెడుకు కాస్త తక్కువ మేర కిందనే ఉంది. ఎగువైనా దిగువైనా సగటున నేల ఒకే తీరున దిగింది కనుక తవ్వకం, పూడిక దాదాపు అవే అంకెలు. దిగాల్సింది చదును ఎత్తు మాత్రమే, పద్ధెనిమిది సెంటీమీటర్లు. ఆమె గడప బండ మాత్రం దిగలేదు. అది గట్టిదే కాబట్టి చాచా దాని మీద వేరే రాయి పెట్టలేదు, ఆ అంకె మొదట్నుంచీ సరైనదే. గడపకు పన్నెండు పైన ఉండాల్సిన చదును ఆరు కిందకి వచ్చింది. పాత ఎత్తుకే పని మొదలుపెట్టి ఉంటే ఎనిమిది వందల అరవై ఘనపు మీటర్ల మట్టి చాలక, సగం పూడ్చిన స్థలంలో నిలబడి ఒకరి మొహాలొకరం చూసుకునేవాళ్ళం.

సారు అంతా విని లెక్కల పుస్తకం మూసేశాడు. “కమిటీ ముంగట రాయి సంగతి ఎత్తకు” అన్నాడు. తర్వాతి మీటింగులో ఆయనే లేచి, పేదింటామె గోస చూడలేక లెక్కంతా మళ్ళీ కట్టి ఎత్తు తగ్గించామని, అయినా మట్టి బయటికి పోదని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. కమిటీ పెద్ద ఆయనకు శాలువా కప్పాడు. నాకూ ఒక పూలదండ వేశారు. వేయించుకున్నాను. ఆ గదిలో ఆమె లేదు, ఆ రోజు పిలవలేదు.

ఆటస్థలం పూర్తయిన ఏడాది తొలకరి గట్టిగానే పడింది. వాన వెలిశాక చూడటానికి వెళ్ళాను. స్థలంలో నీళ్ళు రోడ్డు పక్క కాలవలోకి వెళ్ళిపోతున్నాయి. ఆమె పొడి గడప మీద కూర్చుని చింతపండు ముందేసుకుంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

“మీ పెద్ద సారు దయగల్ల మనిషంట గదా బిడ్డా. నా కోసం ఎత్తు తగ్గించిండంట. సలాం చెప్పు.”

ఇక ఆగలేకపోయాను. “ఆయన దయ కాదమ్మా. ఆ రాళ్ళ సంగతి మీరు చెప్పబట్టే తప్పు తెలిసింది. మేము లెక్కే తప్పు కట్టాం. ఆ రోజు మీ ముందు పెద్ద మాటలు మాట్లాడాను, క్షమించండి” అన్నాను.

ఆమెకు క్షమాపణ పట్టలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు నా వైపు చూసింది.

“రెండు దినాలు ఎండల నిలవడి, ఒక కన్ను మూసుకొని, చాచా దిక్కే చూసినవు గద బిడ్డా. ఆయన కాళ్ళ కాడున్న రాయి నీకెట్ల కనవడలే?”