సాముయేలన్న సబ్బు పరీక్ష

చిన్న మంగళారం ఊళ్లో రామేశ్వర్ సేటు పెట్టిన షూటింగ్ రేంజికి మా సాముయేలన్నే కాపలా, కోచ్, అన్నీ. నేను గేటు దగ్గర పేర్లు రాసుకుంటాను. ఆయన చాదస్తంతో రోజూ నాకు తలనొప్పే, అయినా ఆయనంటే నాకు చాలా ఇష్టం.

ఎయిర్ రైఫిళ్లు ఒక బీరువాలో, ఎయిర్ పిస్టళ్లు ఇంకోదాంట్లో పెడతాడు. ఆ రెండింటిలో వేసేది సీసపు గుండ్లు. పది మీటర్ల దూరాన కాగితం మీద గురి చూడడానికే అవి, గీత దాటి ఎవరూ పోకూడదు. జట్లుగా విడిపోయి ఒకరినొకరు కొట్టుకునే ఆటకు వాడే, మిషన్ గన్నుల్లా పెద్దగా కనిపించే ఎయిర్‌సాఫ్ట్ తుపాకులకైతే వేరే గది. వాటిలో ప్లాస్టిక్ గోలీలు. అవి కూడా కంటికి తగిలితే కన్ను పోతుందని, మాస్కు లేనిదే ఆయన ఎవరినీ లోపలికి రానివ్వడు.

మొన్న ఆదివారం సేటు కొడుకు ప్రణవ్ పుట్టినరోజు. గండిపేటలో ఇంజనీరింగ్ చదివే పిల్లాడు, ఆన్‌లైన్‌లో కొన్న పిస్టల్ తీసుకుని ఎయిర్‌సాఫ్ట్ ఆటకు దిగబోయాడు. సాముయేలన్న దాన్ని ఆపి, గుండు చేతిలో వేసుకుని చూశాడు. సీసం.

"ఇది ఆటకు పనికిరాదు బాబూ."

సేటుకు కోపం వచ్చింది. "గంత పెద్ద మిషన్ గన్నులు ఇస్తున్నవ్, జానెడు పిస్టల్‌కు భయపడ్తవా? ఆడనియ్యకుంటే రేపటి నుంచి రాకు."

ఆ జీతం మీదే ఆయన భార్య ఎస్తేరక్క మందులు నడుస్తున్నాయి. సాముయేలన్న మాత్రం బట్టలుతికే సబ్బులు మూడు తెచ్చి, ఇసుక మూటల ముందు వరుసగా నిలబెట్టాడు.

"సైజు చూడొద్దు సేటు. లోపల్నుంచి ఏమొస్తదో, ఎంత జోరుగ వస్తదో చూడాలె."

పెద్ద ఎయిర్‌సాఫ్ట్ గన్‌తో కొడితే సబ్బు మీద చిన్న గుంట పడి, గోలీ ఎగిరిపోయింది. ప్రణవ్ పిస్టల్ గుండు సబ్బులోకి పూర్తిగా దిగబడింది. ఎయిర్ రైఫిల్ గుండు సబ్బును చీల్చుకుని ఇసుకలోకి పోయింది.

సాముయేలన్న రెండో సబ్బును సేటు చేతికిచ్చాడు. "ఆటలో బాబు ఎవరిని కొడ్తడు?"

అవతలి జట్టు కెప్టెన్ సేటే.

ప్రణవ్ ముందుకొచ్చి సబ్బులోని రంధ్రాన్ని చూశాడు. "అన్నా, నాన్న చెంపకు తగిలితే?"

"కండలోకి దిగుతది. కంటికైతే మాస్కు కూడ ఆపుతదని నేను చెప్పలేను."

ప్రణవ్ పిస్టల్‌ను బల్ల మీద పెట్టి, వాళ్ల నాన్న పక్కన వచ్చి కూర్చున్నాడు. సేటు ఆ సబ్బును పిస్టల్ పక్కన పెట్టాడు.

"సాముయేలూ, రేపటి నుంచి రావొద్దన్న గదా. ఆ మాట మర్చిపో."

"ఎప్పుడో మర్చిపోయిన సేటు. జర మాస్కు పెట్టుకోండి."