ఖాళీ అర మీది రేటు

వర్నా హాగ్లండ్‌కు ఆ బుధవారం ఒళ్లు మండిపోయింది. మినెసోటాలోని ఆ చిన్న ఊళ్లో, సోల్‌బర్గ్ వాళ్ల కిరాణా దుకాణంలో ఇరవై రెండేళ్లుగా ఆమెకు ఒక పని ఉంది. ప్రతి బుధవారం హైవే పక్కనున్న పెద్ద దుకాణానికి వెళ్లడం, పాలూ గుడ్లూ వెన్నా ఎంతకు అమ్ముతున్నారో రాసుకొని రావడం. ఏ రేటు దించాలో, ఏది కదపకూడదో ఆమె చెబితే పెద్దాయన సోల్‌బర్గ్ మారుమాటాడేవాడు కాదు. ఆయన పోయాక దుకాణం కొడుకు గ్రాంట్ చేతికొచ్చింది. ఫోన్లో అన్నీ కనిపిస్తుంటే ఈ తిరుగుడెందుకని, కొత్త సంవత్సరం నుంచి ఆ పని మాన్పించేస్తానని అతడు అప్పటికే అనేశాడు.

క్రిస్మస్ కేకుల రోజులు. ఫోన్లో హైవే దుకాణంవాళ్ల వెన్న పొట్లం రెండు డాలర్ల తొంభై తొమ్మిది సెంట్లు అని ఉంది. గ్రాంట్ కొన్న ధరే మూడు అరవై, అమ్మేది నాలుగున్నర. అతడు వెంటనే తన రేటూ అంతకే దించబోయాడు.

"ఆగు గ్రాంట్. నేను ఇప్పుడే చూసొచ్చాను. రేటు చీటీ ఉంది గానీ అరలో ఒక్క పొట్లం లేదు. సరుకు లేని రేటు రేటే కాదు. మనది కదపకు."

"జనం చీటీ చూస్తారు వర్నా, అర చూడరు."

"పోనీ దించు. మనిషికి నాలుగు పొట్లాలే అని రాయి."

కొనేవాళ్లకు లెక్కలు పెట్టడం తనకు నచ్చదన్నాడు. ఇక గోడతో మాట్లాడినట్టే. ఆమె పళ్లు నూరుకుంటూ కొత్త చీటీలు అంటించింది.

మర్నాడు పొద్దున్నే ఒకాయన వచ్చి, అరలోదీ వెనక గదిలోదీ కలిపి ఉన్న వెన్నంతా, నాలుగు పెట్టెలు, అడిగాడు. యూనిఫాం లేకపోయినా వర్నా పోల్చుకుంది. అవతలి దుకాణంలో పాల విభాగం చూసేవాడు. ప్రతి వారం ఆమెను చూసి పలకరింపుగా తల ఊపేవాడే. ఆమె గ్రాంట్‌ను పక్కకు లాగి ఆ సంగతి చెప్పి, అమ్మొద్దంది. డబ్బులిచ్చేవాడు ఎవడైతేనేం అంటూ గ్రాంటే పెట్టెలు బండిలోకి ఎక్కించి నవ్వుతూ వచ్చాడు. పొట్లానికి అరవై సెంట్ల పైన పోగొట్టుకొని నవ్వే వ్యాపారిని ఆమె ఎన్నడూ చూడలేదు.

శనివారం కూడా దుకాణంలో వెన్న లేదు. సరుకు లారీ మంగళవారం గానీ రాదు. వచ్చిన ఆడవాళ్లందరూ ఖాళీ అర చూసి, కారు తిప్పుకొని హైవే వైపు పోతున్నారు. అప్పుడు గ్రాంట్‌కు గాభరా పుట్టింది. ఫోను జేబులో పెట్టి, వర్నాను వెళ్లి చూసి రమ్మన్నాడు. ఈసారి అతడి గొంతులో బతిమాలాట ఉంది.

ఆమె వెళ్లింది, గంటలో వచ్చింది, కోటు కూడా విప్పలేదు.

"ఎంతకు అమ్ముతున్నారు?"

"నాలుగు తొంభై తొమ్మిది. అర నిండా ఉంది. అదంతా మన వెన్నే గ్రాంట్."